కైపు కాని కేఫి

ఇకారియా ద్వీపంలోని ఒక కొండ ఊరి కఫెనీయోలో నేను చేసిన తప్పు ఖరీదు నాలుగు యూరోలు.

కఫెనీయో అంటే మన టీ కొట్టుకూ రచ్చబండకూ మధ్య రకం చోటు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం పేకాట, సాయంత్రం మద్యం, ఎప్పుడూ రాజకీయాలు. నేను విశాఖపట్నం నుంచి వెళ్లి పిరేయస్ రేవులో ఓడల నిర్వహణ చూసే ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేశాను. అక్కడ నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఇంజనీరు ఇకారియా వాడు. వేసవి సెలవులకు తన ఊరికి రమ్మన్నాడు. పిరేయస్‌లో ఓడ ఎక్కితే ఏడెనిమిది గంటల ప్రయాణం. ఊరు చేరాక, కారు నీడలో పెట్టి వస్తానని నన్ను కఫెనీయో ముందు దింపి వెళ్లాడు.

నేను ఒక చెంచా చక్కెర వేసే కాఫీ, అంటే 'మేత్రియో', చెప్పాను. కాఫీ మీది నురగ ఇంకా చెదరకముందే కొట్టు పెద్దాయన ఒక చిన్న గ్లాసుతో ట్సీపురో తెచ్చి నా ముందు పెట్టాడు. ట్సీపురో అంటే ద్రాక్ష పిప్పి నుంచి దించే సారా. పక్కన ఒక చిన్న పళ్లెంలో నాలుగు ఆలివ్ కాయలు, రెండు టొమాటో ముక్కలు, కాస్త జున్ను. నేను అడగలేదని చేతులతో చెప్పాను. ఆయన "కేరస్మేనో" అని, అంటే 'వేరొకరు పోయించింది' అని, గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన చెయ్యి సగం ఎత్తి దించాడు. అంతే. వాళ్లు నన్ను పిలవలేదు, పేరు అడగలేదు.

మర్యాద తెలిసినవాణ్నన్న గర్వంతో నేను అయిదు నిమిషాల్లో లేచి వెళ్లి, వాళ్లిద్దరికీ చెరొక గ్లాసు నా తరఫున ఇమ్మని నాలుగు యూరోల చిల్లర బల్ల మీద పెట్టాను. పెద్దాయన ఆ చిల్లరను చూశాడు, నన్ను చూశాడు, తీసుకున్నాడు. గ్లాసులు మూలకు వెళ్లాయి. ముసలివాళ్లు తల ఊపారు. ఆ తర్వాత మళ్లీ నా వైపు చూడలేదు.

మిత్రుడు వచ్చాక జరిగింది చెప్పాను, మెచ్చుకుంటాడని. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "నీ బాకీ నాకొద్దని వాళ్ల మొహం మీదే చెప్పావు కదరా!" అన్నాడు.

గ్రీకు దేశం గురించి రాసే ప్రతి పర్యాటక పుస్తకంలోనూ రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి కేఫి, దానికి ఉల్లాసం అని అర్థం చెబుతారు. రెండోది ఫిలోక్సెనియా, దానికి ఆతిథ్యం అంటారు. ఆ దేశపు ఎండలాగా, ఆలివ్ చెట్లలాగా ఈ రెండూ ఆ మట్టిలో వాటంతట అవే మొలుస్తాయన్నట్టు రాస్తారు. మూడేళ్లు అక్కడ ఉన్నాక నాకు ఆ రాతల మీద విసుగు పుట్టింది. కేఫి ఉల్లాసం కాదు, ఫిలోక్సెనియా మంచితనం కాదు అని నా వాదన. రెండూ నియమాలున్న వ్యవహారాలు. ఎవరు ఎవరికి బాకీ పడాలి, ఆ బాకీ ఎంతకాలం తీరకుండా ఉండాలి అన్నదాని చుట్టూ రెండూ తిరుగుతాయి. నేను నాలుగు యూరోలతో చెడగొట్టింది ఆ లెక్కనే.

ముందు కేఫి సంగతి. ఈ మాట మనకు చుట్టమే. అరబ్బీలో 'కైఫ' అంటే 'ఎలా' అని ప్రశ్న. దాని నుంచే స్థితి, మనస్థితి అనే అర్థంలో 'కైఫ్' పుట్టింది. అది తురుష్కుల నోట 'కెయిఫ్' అయి, ఒట్టోమన్ల ఏలుబడిలో గ్రీకులోకి 'కేఫి'గా చేరింది. అదే మాట పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చి 'కైపు' అయింది. కావలి వెంకట బొర్రయ్య సోదరులు కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి సేకరించిన 'కైఫీయతులు' కూడా ఈ కుటుంబంలోవే: ఊరి స్థితి ఎలా ఉందో చెప్పే కాగితాలు. అంటే ఒకే వేరు మన దగ్గర ఒక కొమ్మ కచేరీ దస్తరంలోకీ, ఇంకో కొమ్మ కల్లు దుకాణంలోకీ పాకింది.

మన కైపు తాగుబోతుతనంలో ఆగిపోయింది. గ్రీకు కేఫికి తాగుబోతుతనం శత్రువు. ఇది నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది, ఎందుకంటే బల్ల మీద మద్యం ఉండనే ఉంటుంది. కానీ దాని చుట్టూ ఎంత కట్టడి ఉందో చూడండి. గ్లాసులు చిన్నవి. ఎవరి గ్లాసు వాళ్లు ముందుగా నింపుకోరు, పక్కవాడిది నింపుతారు. తిండి లేకుండా తాగడానికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, 'క్సెరోస్ఫీరి' అని. ఆ మాట అనేటప్పుడు మొహంలో కొంచెం చీదర కనిపిస్తుంది. నాకు వచ్చిన గ్లాసు పక్కన ఆలివ్ కాయలూ జున్నూ ఉన్నది అందుకే. తూలి పడేవాడికి కేఫి వచ్చిందని ఎవరూ అనరు. వాడు మిగతావాళ్ల కేఫిని పాడుచేశాడని అంటారు.

క్రియాపదాలను గమనిస్తే ఇంకా తెలుస్తుంది. మనిషి కేఫిలోకి 'వస్తాడు'. కేఫి 'చెడుతుంది', ఎవరో ఒకరు దాన్ని 'చెడగొడతారు'. ఈ రోజు నాకు కేఫి 'లేదు' అని పనిలోకి రాలేదంటే అర్థం చేసుకుంటారు. ఎవరినైనా ఎందుకు చేశావని అడిగితే 'నా కేఫి కోసం' అని జవాబు చెప్పవచ్చు, దాని మీద మళ్లీ ప్రశ్న ఉండదు. ఆఫీసులో ఎవరికైనా లెక్క అప్పజెప్పవలసిన మనిషి, ఇంట్లో బియ్యం ఉప్పు చూసుకోవలసిన మనిషి, ఆ లెక్కల నుంచి కాసేపు బయటికి వచ్చే స్థితి కేఫి. లెస్వోస్ ద్వీపపు కఫెనీయోల్లో మగవాళ్ల స్నేహాలను అధ్యయనం చేసిన గ్రీకు మానవశాస్త్రవేత్త ఎఫ్తీమియోస్ పపటక్సియార్ఖిస్ దృష్టి కూడా ఇక్కడే పడింది. మూలలో ఉన్న ఆ ముసలాయన నాకు గ్లాసు పంపింది లెక్క చూసుకోకుండా ఉండగలనని చూపించుకోవడానికి. నేను వెంటనే చిల్లర తీసి లెక్క సరిచేశాను. కేఫిలోకి వస్తున్న మనిషిని మళ్లీ కిరాణా కొట్టు ముందు నిలబెట్టాను.

ఆ ఆగస్టు 15న మిత్రుడు నన్ను ద్వీపం పడమటి వైపు లంగాడాకు తీసుకెళ్లాడు. మనకు స్వాతంత్ర్య దినం, వాళ్లకు మేరీమాత పండుగ. ఇకారియాలో వేసవి అంతా ఏదో ఒక ఊళ్లో పనిగీరి, అంటే తిరునాళ్ల, జరుగుతూనే ఉంటుంది. కానీ ఆ రోజుది పెద్దది. నేను కేఫి పుట్టడం మొదటిసారి దగ్గరగా చూసింది అక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మొదట అది ఏమాత్రం ఉల్లాసంగా ఉండదు. వరుస కట్టి నిలబడాలి. ఒక కిటికీ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుంటే ఇంకో చోట మేకమాంసం తూచి ఇస్తారు. ఉడకబెట్టినది కావాలా, కాల్చినది కావాలా అని అడుగుతారు. మేం సగం సగం తీసుకున్నాం. రొట్టె, సలాడ్, పేరు చీటీ అంటించని సీసాలో ముదురు రంగు ద్రాక్షసారాయం. పొడుగాటి బల్లల మీద కాగితం పరిచి, ఎవరి పక్కన చోటుంటే అక్కడ కూర్చోబెట్టారు. వడ్డించేవాళ్లు, తూచేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు అందరూ ఊరివాళ్లే, జీతం లేదు. మిగిలిన డబ్బు ఊరి సంఘానికి పోతుంది. ద్వీపంలో చాలా ఊళ్ల బాటలూ బడి మరమ్మతులూ ఇలాంటి తిరునాళ్ల డబ్బుతోనే జరిగాయి. అంటే మీరు అక్కడ తినే కిలో మాంసంలో కొంత ఎవరి బడికో వేసిన పైకప్పు.

వయొలిన్ మొదలయ్యాక కూడా చాలాసేపు పెద్దగా ఎవరూ లేవలేదు. తిన్నారు, అరుచుకున్నారు, పక్క బల్లకు సీసా పంపారు, అవతలి బల్ల నుంచి సీసా వచ్చింది. కేరస్మా, అంటే ఇలా ఒకరికొకరు పోయించడం, ఇక్కడ విడి గ్లాసులతో కాదు, సీసాలతో. మా బల్లకు వచ్చిన సీసా పంపినవాళ్లెవరో చివరిదాకా నాకు తెలియలేదు. ఈసారి నేను చిల్లర తీయలేదు. గ్లాసు ఎత్తి "యామాస్" అని, అంటే 'మన ఆరోగ్యానికి' అని, ఆ వైపు చూసి తాగాను. మిత్రుడు "ఇప్పుడు దారిలో పడ్డావు" అన్నాడు.

అర్ధరాత్రి దాటాక ఇకారియోటికోస్ వాయించడం మొదలుపెట్టారు. చేతులు పక్కవాళ్ల భుజాల మీద వేసి గుండ్రంగా తిరిగే నాట్యం. అడుగులు మొదట నెమ్మది, వయొలిన్ తొందరపడే కొద్దీ తొందర. వలయంలో చేరడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మధ్యలో రెండు భుజాల మధ్య దూరిపోవచ్చు, తోకన చేరవచ్చు. ముందు నడిపించేవాడి ముందుకు మాత్రం వెళ్లకూడదు. నేను తోకన చేరాను. మొదటి పావుగంట పక్కవాళ్ల కాళ్లు తొక్కాను. తర్వాత ఎప్పుడో, నేను అడుగులు లెక్కపెట్టడం మానేశానని గమనించాను. నా కుడి భుజం మీద చెయ్యి ఒక పదహారేళ్ల పిల్లది, ఎడమ భుజం మీద చెయ్యి డెబ్భై దాటినాయనది. ఆయన అరచేయి గరుకుగా, తడిగా ఉంది. నేను తప్పటడుగు వేసినప్పుడల్లా ఆ చెయ్యి నన్ను కొంచెం నొక్కి సరైన వైపుకు నెట్టేది. వలయం మొత్తం అలాంటి చేతులతోనే నడుస్తోంది. ఒక్కడికి వచ్చే కేఫి కాదది. భుజం నుంచి భుజానికి అంటుకుంటూ పోయేది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇటీవల ఆ తిరునాళ్లకు ఏథెన్స్ నుంచి వేలమంది యువకులు వస్తున్నారు. సీసాలు ఎక్కువ, మాంసం తక్కువ. తెల్లవారేసరికి గోడల పక్కన పడి నిద్రపోతున్నవాళ్లు కూడా నాకు కనిపించారు. ఊరి పెద్దవాళ్లు వాళ్లను చూసి గొణుక్కుంటూ సీసాలు ఏరుకుంటున్నారు. కేఫి కోసం వచ్చి కైపు పట్టుకుపోయారన్నమాట.

కేఫి ఉల్లాసం కాదని అన్నాను. దానికి సాక్ష్యం జెయిబేకికో. తొమ్మిది మాత్రల తాళంలో ఒక్కడే చేసే నాట్యం. చేతులు రెక్కల్లా చాచి, నేల చూస్తూ, పడిపోబోతున్నట్టు వంగి, పడకుండా లేస్తాడు. చావు ఇంటి నుంచి వచ్చినవాడు, అప్పుల్లో మునిగినవాడు, ప్రేమ చెడినవాడు చేసే నాట్యం అది. మిగతావాళ్లు చుట్టూ ఒక మోకాలు నేలకు ఆనించి చప్పట్లు కొడతారు. ఎవరూ కలవరు. నవ్వు మొహంతో జెయిబేకికో చేసేవాడు పర్యాటకుడని దూరం నుంచే తెలిసిపోతుంది. దుఃఖంలో ఉన్నవాడు కూడా కేఫిలోకి రాగలడు. తన బరువును కాసేపు నలుగురి ముందు మోసి చూపించగలగడమే ఆ స్థితి.

పాత రోజుల్లో ఈ నాట్యానికి 'పరంగెలియా' అనే ఆనవాయితీ ఉండేది. డబ్బిచ్చి పాట అడిగినవాడిదే ఆ పాట. అది అయ్యేదాకా నేల వాడిది, ఇంకొకడు అడుగు పెట్టకూడదు. 1973లో, సైనిక పాలన నడుస్తున్నప్పుడు, ఏథెన్స్‌లోని ఒక రాత్రి క్లబ్బులో నీకోస్ కొయెంట్జిస్ తన తమ్ముడి కోసం పాట అడిగాడు. తమ్ముడు ఆడుతుండగా వేరేవాళ్లు నేల మీదికి వచ్చారు. గొడవ ముదిరింది. కొయెంట్జిస్ కత్తి తీసి ముగ్గురు పోలీసులను చంపాడు. అతనికి పడ్డ మరణశిక్ష అమలు కాలేదు, చాలా ఏళ్లు జైల్లో ఉండి బయటికి వచ్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు గ్రీకులు హంతకుణ్ని మెచ్చుకోరు, కానీ పాట మధ్యలో వచ్చారన్న వివరాన్ని ఎప్పుడూ వదిలిపెట్టరు. నాకు ఇందులో కనిపించేది శౌర్యం కాదు. ఒక మనిషి గౌరవమంతా మూడు నిమిషాల పాట మీద, రెండు గజాల నేల మీద ఆనుకుని నిలబడితే ఏమవుతుందో కనిపిస్తుంది. పర్యాటక పుస్తకాల్లోని కేఫికి ఈ అంచు ఉండదు.

ఇక ఫిలోక్సెనియా. 'ఫీలోస్' అంటే ఇష్టుడు, మిత్రుడు. 'క్సేనోస్' అంటే పరాయివాడు. ప్రాచీన గ్రీకులో అదే మాటకు అతిథి అని కూడా అర్థం. మనం తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి, పిలిస్తే వచ్చేవాడు అభ్యాగతుడు అని విడదీశాం. వాళ్లు ఇప్పుడు పిలిచినవాణ్ని 'కలెస్మేనోస్' అంటారు, ఇంట్లో దిగినవాణ్ని 'ముసాఫీరిస్' అంటారు. ఈ రెండోదాన్ని హైదరాబాదు ముసాఫిర్‌ఖానాలు తెలిసినవాళ్లు వెంటనే పోల్చుకుంటారు. క్సేనోస్ మాత్రం ఈనాటికీ పరాయివాడే. హోటలుకు వాళ్ల మాట 'క్సెనొదొఖీయో', పరాయివాణ్ని పుచ్చుకునే చోటు. బతుకుతెరువుకు దేశం విడిచి పోవడం 'క్సెనిత్యా', దాని మీద ఏడుపు పాటలు లెక్కలేనన్ని ఉన్నాయి.

హోమర్ కాలం నుంచి ఈ మర్యాదకు ఒక క్రమం ఉంది. పరాయివాడు గుమ్మంలోకి వస్తే ముందు కూర్చోబెట్టాలి, తినిపించాలి, ఆ తర్వాతే ఎవరు నువ్వు అని అడగాలి. ఒడిస్సీలో అల్కినోస్ రాజు ఓడిస్సియస్‌కు విందు పెట్టి, ఆటలు చూపించి, పాటలు వినిపించాక గానీ పేరు అడగడు. ఒంటికన్ను రాక్షసుడు పోలిఫెమస్ మాత్రం చూడగానే ఎవరు మీరు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడుగుతాడు, తర్వాత అతిథులనే తినేస్తాడు. కఫెనీయోలో ఆ పెద్దాయన నన్ను ఎక్కడివాడివని అడిగింది నా రెండో గ్లాసు తర్వాతే. "ఇందియా" అన్నాను. "దూరం" అన్నాడు. ఇంకో పళ్లెం ఆలివ్‌లు తెచ్చాడు.

కానీ ఈ మర్యాదలో అతిథికి స్వేచ్ఛ ఉండదు. గ్రీకులో ఆతిథ్యం అందుకునేవాణ్ని 'ఫిలోక్సెనూమెనోస్' అంటారు. వ్యాకరణంలో అది కర్మణి రూపం. ఆతిథ్యం చేయబడుతున్నవాడు. ఏం తినాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఇంటివాళ్లు నిర్ణయిస్తారు. మిత్రుడి తల్లి నాకు చెంచా మిఠాయి పెట్టింది. గాజు పళ్లెంలో చక్కెర పాకంలో మగ్గిన పుల్ల చెర్రీలు, చిన్న చెంచా, పక్కన చల్లటి నీళ్లు. అది పాకమూ కాదు పండూ కాదు, రెండిటి మధ్య. తీపి తర్వాత నీళ్లు తాగితే నాలుక మీద పులుపు మిగులుతుంది. చాలా బాగుంది అన్నాను. అదే తప్పు. మూడు సార్లు పెట్టింది. వద్దంటే ఆవిడ మొహం చూడలేం.

అయితే ఇక్కడే మరొకటి కూడా చూశాను. ఆ చెర్రీల గింజలు ఒక్కొక్కటీ తీసింది ఆవిడ. జూన్‌లో పాకం పట్టింది ఆవిడ. పళ్లెం తెచ్చి పెట్టి, నిలబడే ఉండి, మళ్లీ వంటింట్లోకి వెళ్లింది ఆవిడ. "మా ఇంటికి వచ్చావు, సంతోషం" అని నా భుజం తట్టింది మాత్రం ఇంటి పెద్దాయన. కఫెనీయోలో కేరస్మా గౌరవం మగవాళ్లది. చాలాకాలం ఆడవాళ్లు అక్కడ కూర్చునేవాళ్లే కాదు. ఉత్తర గ్రీసులోని సోహోస్ పట్టణంలో నాట్యాలను పరిశీలించిన జేన్ కోవన్ కేఫి గురించి రాస్తూ ఇదే పట్టుకుంది: ఆడది కేఫిలోకి వచ్చినా తన ఒంటిని నలుగురూ ఎలా చూస్తున్నారో మరిచిపోయే వీలు ఉండదు. ఇప్పుడు మారుతోంది. లంగాడా వలయాన్ని ఆ రాత్రి చాలాసేపు నడిపించింది ఒక ఆడమనిషే. కానీ పొద్దున పెద్ద గిన్నెల దగ్గర ఎక్కువమంది ఎవరన్నది కూడా చూశాను.

మిత్రుడి ఊరి నుంచి వచ్చేటప్పుడు కఫెనీయో పెద్దాయనకు ఏదైనా ఇచ్చి వెళ్లాలని నాకు ఒకటే తాపత్రయం. అందరూ ఆయన్ని 'బార్బా' అని పిలుస్తారు, మన బాబాయి లాంటి మాట. "బార్బా, ఈసారి నేను పోయిస్తాను, మూలలో ఉన్నవాళ్లకి కూడా" అన్నాను. ఆయన నవ్వి, చేయి అడ్డం పెట్టి, "ఇక్కడ నువ్వు కాదు. మేం మీ ఊరు వచ్చినప్పుడు" అన్నాడు. తర్వాత తెలిసింది, పల్లెల్లో ఈ జవాబు అందరూ చెప్పేదేనట. క్రీట్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మైకేల్ హెర్జ్‌ఫెల్డ్ దీన్ని తేటగా విప్పి చెప్పాడు. పేద పల్లెవాడు డబ్బున్న పరాయివాడి కంటే పైచేయిగా నిలబడగల ఒకే చోటు ఆతిథ్యం. పెట్టేవాడే పెద్ద. తిరిగి పెట్టనిస్తే ఆ పెద్దరికం పోతుంది. కాబట్టి అతిథి బాకీ ఉండాలి, తన ఊళ్లో తప్ప తీర్చకూడదు. బార్బా ఏనాడూ విశాఖపట్నం రాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ బాకీ తీరకపోవడమే దాని అందం.

ఇది పల్లెలో నడిచే నియమం. ఇదే మాటను రాజ్యం తీసుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా పర్యాటక పుస్తకమే రాసినట్టు అవుతుంది. పరాయివాళ్లను కాపాడే దేవుడిగా ప్రాచీనులు జ్యూస్‌కు 'క్సేనియోస్' అనే బిరుదు ఇచ్చారు. 2012 ఆగస్టులో గ్రీకు పోలీసులు కాగితాలు లేని వలసదారులను వీధుల్లో పట్టుకునే కార్యక్రమం మొదలుపెట్టి, దానికి 'క్సేనియోస్ జ్యూస్' అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడికి పురాణం తెలియదని నేను నమ్మను. ఒంటి రంగు చూసి ఆపుతున్నారని మానవ హక్కుల సంస్థలు తప్పుపట్టాయి. నా అనుభవం చాలా చిన్నది. పిరేయస్‌లో అద్దె ఇంటి కోసం ఫోను చేస్తే, నా పేరు వినగానే ఒక ఇంటి యజమాని ఇల్లు ఇచ్చేశామన్నాడు. మర్నాడు మా ఆఫీసు గ్రీకు అమ్మాయి అదే ఇంటికి ఫోను చేస్తే వచ్చి చూసుకోమన్నాడు. ఆ వారమే అదే మనిషి నన్ను ఏదో ద్వీపంలో కలిసి ఉంటే గ్లాసు పోయించేవాడేమో. అతిథిగా ఉన్నంతసేపు క్సేనోస్‌కు చోటుంది. అద్దె కట్టి, హక్కుగా ఉంటానంటే చిక్కు.

లెస్వోస్ ద్వీపంలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. 2015లో అయిదు లక్షలమందికి పైగా శరణార్థులు రబ్బరు పడవల్లో ఆ ఒక్క ద్వీపానికి చేరారు. స్కాలా సికమ్నియాస్ అనే చిన్న రేవు ఊళ్లో జాలర్లు వల వదిలి మనుషులను నీళ్లలోంచి లాగారు. ముగ్గురు ముసలవ్వలు బెంచీ మీద కూర్చుని ఒక పసిబిడ్డకు సీసాతో పాలు పట్టే ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఊళ్లో చాలా కుటుంబాలు 1922లో ఆసియా మైనరు నుంచి, అంటే ఇప్పటి టర్కీ నుంచి, అదే నీళ్లు దాటి వచ్చినవాళ్లవి. మరి 2020 వసంతంలో అదే ద్వీపంలో కొందరు స్థానికులు సహాయ సంస్థల వాళ్ల మీద, పాత్రికేయుల మీద ఎందుకు దాడులు చేశారు? జనం మారిపోయారని అనడం తేలిక. నాకు తోచిన కారణం వేరు. 2015లో వచ్చినవాళ్లు దాటిపోయేవాళ్లు: తిన్నారు, ఆరబెట్టుకున్నారు, ఏథెన్స్ ఓడ ఎక్కారు. 2016 మార్చిలో యూరోపియన్ యూనియన్, టర్కీల ఒప్పందం తర్వాత వచ్చినవాళ్లను ద్వీపం దాటనివ్వలేదు. మూడు వేలమందికి కట్టిన మోరియా శిబిరంలో 2020 మొదట్లో దాదాపు ఇరవై వేలమంది ఉన్నారు. అతిథి వస్తాడు, వెళ్తాడు. పొరుగువాడు ఉంటాడు, పనిచేస్తాడు. మోరియాలో వాళ్లను ఈ రెండూ కానివ్వలేదు. ఫిలోక్సెనియా ఒక రాత్రి భోజనానికి పుట్టిన నియమం. దాన్ని ఒక ప్రభుత్వ విధానంలా నాలుగేళ్లు నడవమంటే కూలిపోదా?

అయినా నేను దాన్ని కొట్టిపారేయలేను, ఇకారియా వల్లే. అంతర్యుద్ధం నాటి రోజుల్లో, 1940ల చివర, ప్రభుత్వం వామపక్షాలవాళ్లను ఆ ద్వీపానికి ప్రవాసం పంపింది. మొత్తం పదమూడు వేలమంది దాకా వచ్చారంటారు. ద్వీపం జనాభా కంటే ఎక్కువ. సంగీతకారుడు మికిస్ థియొదొరాకిస్ వాళ్లలో ఒకడు. వాళ్లు పిలవని అతిథులు, పైగా రాజ్యానికి శత్రువులు. ఊళ్లవాళ్లు ఇళ్లలో గదులిచ్చారు, ఉన్నదాంట్లో పెట్టారు. మిత్రుడి తాత ఇంట్లో ముగ్గురు ఉండేవారట. "వాళ్లు మా నాన్నకు లెక్కలు నేర్పారు, మా తాత వాళ్లకు మేకలు కాయడం నేర్పాడు" అన్నాడు వాడు. అక్కడ అతిథికి పని ఉంది. ఆ తేడా నేను తర్వాత చాలాసార్లు తలచుకున్నాను.

మా బాకీ సంగతికి వస్తాను. పిరేయస్‌లో మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడల్లా మిత్రుడు "చేతులు కడుక్కుని వస్తా" అని లేచి, బిల్లు కట్టేసి వచ్చేవాడు. మూడేళ్లలో నేను ఆ పందెం ఎన్నడూ గెలవలేదు. నేను విశాఖపట్నం తిరిగి వచ్చేశాక, ఒక ఏడాది వాడు ఓడ తనిఖీ కోసం మా రేవుకు వచ్చాడు. ఇంతకాలానికి చిక్కాడనుకున్నాను. ఇంటికి పిలిచాను. మా అమ్మ పనసపొట్టు కూర, గోంగూర, పెరుగన్నం పెట్టింది. వాడు గోంగూరకు కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ వడ్డించుకున్నాడు. మర్నాడు బీచి రోడ్డు పక్కన ఒక హోటల్లో చేపల పులుసు తిన్నాం. తినేసి నేను చెయ్యి ఎత్తి బిల్లు అడిగాను.

"ఆ సారు ఇందాకే కట్టేశారండీ," అన్నాడు కుర్రాడు. "చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు."

మిత్రుడు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నాడు, ఏమీ ఎరగనట్టు.